రీల్స్‌లో జంటల్ని చూసి మావారి మీద మనసు విరిగిపోతోంది

"మాది గుంటూరు కొరిటెపాడు. పెళ్లయి నాలుగేళ్లు, రెండున్నరేళ్ల బాబు. మావారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తారు. మనిషి మంచివారే, ఏ చెడు అలవాటూ లేదు. కానీ రాత్రి బాబు పడుకున్నాక ఇన్‌స్టాలో జంటల వీడియోలు చూస్తుంటే నా బతుకు ఇంతేనా అనిపిస్తుంది. మా పెద్దమ్మ కూతురు కూడా వారం వారం వాళ్లాయనతో ఏదో ఒక వీడియో పెడుతుంది. మొన్న పెళ్లిరోజుకి మావారు వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టలేదు. అడిగితే 'అవన్నీ మనకెందుకు' అన్నారు. మూడు రోజులు మాటల్లేవు. నేను ఎక్కువ ఆశిస్తున్నానా? ఇన్‌స్టా తీసేస్తే సరిపోతుందా?"

విజయవాడలో చాలా ఏళ్లుగా దంపతులకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే చిన్న వయసు జంటల్లో ఈ మాట రాని జంట తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ముందు రెండో ప్రశ్న. ఇన్‌స్టా తీసేస్తే కొన్ని రోజులు మనసు తేలికపడుతుంది, అందులో సందేహం లేదు. అయితే మీ మనసులో ఇప్పుడు కలిసిపోయి ఉన్నవి రెండు రకాల కోరికలు. కొన్ని ఆ వీడియోలు పుట్టించినవి. కొన్ని అంతకు ముందే మీలో ఉన్నవి, వీడియో వాటిని కెలికింది అంతే. యాప్ తీసేస్తే మొదటి రకం సద్దుమణుగుతుంది. రెండో రకం ఎక్కడికీ పోదు, కారణం తెలియని చిరాకుగా మిగిలిపోతుంది. మీరు ఎక్కువ ఆశిస్తున్నారా అన్న ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఈ రెండింటినీ విడదీయకుండా మీకు అవునని గానీ కాదని గానీ చెప్పడం సరికాదు. విడదీయడం ఎలాగో చెబుతాను.

దానికి ముందు అసలు లోపల జరిగేది ఏమిటో చూద్దాం. జాన్ తిబో, హెరాల్డ్ కెల్లీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1959లోనే ఒక విషయం చెప్పారు. ఒక బంధంలో మనకి ఎంత తృప్తి ఉంటుందనేది అవతలి మనిషి మనకోసం ఏం చేస్తున్నారన్న దాని మీద మాత్రమే ఆధారపడదు. మనకి ఎంత రావాలని మనం అనుకుంటున్నామో, ఆ కొలబద్ద మీద కూడా ఆధారపడుతుంది. ఈ కొలబద్ద పుట్టుకతో రాదు. అమ్మానాన్నల కాపురం, అక్కాబావల సంసారం, పక్కింటివాళ్లు, మన పాత అనుభవాలు, ఇవన్నీ చూస్తూ మనకి తెలియకుండానే తయారవుతుంది. మీ అమ్మగారి కాలంలో ఆ కొలబద్దలోకి పది పదిహేను కాపురాలు వచ్చి ఉంటాయి. వాటిలో సరదాతో పాటు అలకలు, అప్పులు, జబ్బులు, అత్తాకోడళ్ల పంచాయితీలు అన్నీ కళ్లెదుటే కనబడేవి. ఇప్పుడు మీరు రాత్రి ఒక అరగంట కూర్చుంటే యాభై జంటల్ని చూస్తారు, ఒక్కొక్కరిదీ అరనిమిషం, అది కూడా వాళ్లు ఏరి పెట్టిన అరనిమిషం. మీవారు నిన్న ఎలా ఉన్నారో ఇవాళా అలాగే ఉన్నారు. కొలబద్ద మాత్రం అరగంటలో జానెడు పైకి జరిగింది. అందుకే బాబు పడుకునే ముందు లేని బాధ, ఫోన్ పక్కన పెట్టేసరికి వచ్చి కూర్చుంటుంది.

ఇంకో సంగతి. లియాన్ ఫెస్టింగర్ అనే ఆయన 1954లో, మనిషి తనని తాను పోల్చుకునేది ఎక్కువగా తనలాంటి వాళ్లతోనే అని చెప్పారు. ముంబైలో సినిమా వాళ్ల పెళ్లిరోజు ఫోటోలు చూసి మీకు అంత బాధ కలగకపోవచ్చు, అది వేరే లోకం. మీ పెద్దమ్మ కూతురు వీడియో గుచ్చుకుంటుంది. ఇద్దరూ ఒకే ఇంటి పిల్లలు, ఇంచుమించు ఒకే రకం సంబంధాలు, ఒకే రకం చీరలు. 'దానికి ఉన్నది నాకెందుకు లేదు' అనే ప్రశ్న అక్కడే పుడుతుంది. అలాగే మీలాంటి డబుల్ బెడ్‌రూమ్ ఇంట్లో, మన తెలుగులోనే మాట్లాడుకుంటూ వీడియోలు చేసే జంటలు విదేశీ జంటల కంటే ఎక్కువ బాధపెడతాయి. యాప్‌కి మీ మనసు తెలియదు. మీరు ఏ వీడియో దగ్గర ఎక్కువసేపు ఆగారో దానికి తెలుసు. నిట్టూరుస్తూ చివరిదాకా చూసినా దాని లెక్కలో అది ఇష్టమే. అందుకే గుచ్చుకున్న రకమే మళ్లీ మళ్లీ తెచ్చి పెడుతుంది.

జంటగా వీడియోలు చేసే ఒకామె నా దగ్గరికి వచ్చేది. పేరూ ఊరూ లేకుండా చెప్పొచ్చని తనే అంది. ఒక పుట్టినరోజు వీడియోలో, ఆమె తలుపు తీయగానే భర్త కేకుతో నిలబడి ఉంటాడు, ఆమె నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. వేలమంది చూశారు దాన్ని. ఆ రోజు ఉదయం నుంచి వాళ్లిద్దరికీ ఆడపడుచు డబ్బుల విషయంలో గొడవ. మొదటిసారి తీసినప్పుడు వరండాలో లైటు సరిపోలేదు. రెండోసారి కేకు మీద కొవ్వొత్తి పడిపోయింది. మూడోసారికి ఆమెకి నిజంగానే ఏడుపు వచ్చేసింది. చూసేవాళ్లకి అవి ఆనందబాష్పాలు. ఇద్దరూ అబద్ధం ఆడాలనుకోలేదు, ప్రేమ లేని వాళ్లూ కాదు. తలుపుకి ఇవతల జరిగింది కెమెరాలోకి రాలేదు, అంతే.

ఇది విని 'అయితే వాళ్లందరిదీ నటనే' అన్న నిర్ణయానికి రావద్దు. మనవాళ్లలో ఈ ఓదార్పు బాగా చలామణీలో ఉంది, నాకది నచ్చదు. లిడియా ఎమరీ అనే పరిశోధకురాలి బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, భాగస్వామి ప్రేమ గురించి అభద్రతగా అనిపించిన రోజుల్లో కొందరు తమ బంధాన్ని ఫేస్‌బుక్‌లో ఎక్కువగా చూపించుకున్నారని తేలింది. అంతమాత్రాన పెట్టే ప్రతివాళ్లూ లోపల బాధపడుతున్నట్టు కాదు. మీ అక్క నిజంగానే సంతోషంగా ఉండొచ్చు. ఆమె కాపురంలో లోపం ఉందని ఊహించుకుని మీరు తెచ్చుకునే తృప్తి, ఆమె నెక్స్ట్ వీడియో పెట్టేదాకే నిలుస్తుంది. మీ బాధ తీరాలంటే చూడాల్సింది మీ ఇంట్లోనే.

ఇప్పుడు విడదీసే పద్ధతి. ఒక వారం పాటు ఇన్‌స్టా తీసేయకండి. చూడండి, కానీ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏదైనా వీడియో చూసి మనసు చివుక్కుమన్న వెంటనే మూడు ముక్కలు రాయండి: ఎవరిది, అందులో సరిగ్గా ఏ క్షణం దగ్గర గుచ్చుకుంది, ఆ క్షణంలో నాకేం కావాలనిపించింది. 'వాళ్లు చాలా హ్యాపీగా ఉన్నారు' అని రాస్తే ఉపయోగం లేదు. 'అతను ఆమె మాట వింటూ ఫోన్ బోర్లా పెట్టాడు' అని రాయాలి. వారం అయ్యాక ఒక్కో దాన్నీ ఒకే ప్రశ్నతో చూడండి: దీన్ని ఎవరూ చూడరు, ఫోటో లేదు, ఎవరికీ చెప్పుకోలేను అనుకుంటే, అప్పుడు కూడా నాకిది కావాలా?

పటమట నుంచి వచ్చిన ఒక జంట విషయంలో ఇది ఎలా నడిచిందో చెబుతాను. ఎవరో తెలియకుండా ఉండటానికి కొన్ని వివరాలు మార్చాను. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచర్. ఆయనది మెడికల్ షాపు, మూసి ఇంటికి వచ్చేసరికి రాత్రి పదిన్నర. అత్తగారు వాళ్లతోనే ఉంటారు. ఆమె తెచ్చిన కాగితంలో ఐదు ఉన్నాయి: భర్త భార్యకి జడ వేస్తున్న వీడియో, తోటి టీచర్ పెట్టిన అరకు ట్రిప్, పుట్టినరోజుకి బంగారు దిద్దులు, ఆఫీసు నుంచి వచ్చిన భర్త బ్యాగు పక్కన పడేసి వంటగది గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పడం, అత్తగారి ముందు 'ఈ రోజు కూర అదిరింది, మా ఆవిడ చేసింది' అని భర్త అనడం.

ఒక్కొక్కటీ అడుగుతూ వెళ్లాను. జడ దగ్గర ఆమె నవ్వేసింది, 'ఆయన వేస్తే స్కూలుకి వెళ్లేలోపు ఊడిపోతుందండీ, నాకొద్దు' అంది. దిద్దులకి కాసేపు ఆలోచించి, ఇంటి లోను నడుస్తుంటే కొన్నా తనకి నిద్ర పట్టదని చెప్పింది. అరకు విషయం సగం నిజం. అరకే కావాలని లేదు, కానీ పాప పుట్టాక ఇద్దరే కలిసి ఒక పూట బయటికి వెళ్లింది లేదు. వంటగది గట్టు దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది, కళ్లు తుడుచుకుంది. కూర మాట దగ్గర చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, 'మా ఇంట్లో నేనేం చేసినా అది జరగాల్సిన పనే, ఎవరూ చేసినట్టు లెక్క కాదు' అంది.

చూడండి, ఐదింటిలో రెండు ఎగిరిపోయాయి. ఒకటి సగం కరిగింది. రెండు మాత్రం వీడియోలు లేకపోయినా ఉండేవే: నా రోజు ఎలా గడిచిందో అడిగే మనిషి కావాలి, నేను చేసేది నలుగురిలో గుర్తించాలి. ఇవి అత్యాశలు కావు. ఏ కాపురంలోనైనా అడగదగ్గవే. ఇన్‌స్టా తీసేసి ఉంటే ఈ రెండూ బయటికే వచ్చేవి కావు.

అడిగే దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. 'చూడండి, ఆయన వాళ్లావిణ్ని ఎలా చూసుకుంటున్నాడో' అంటూ ఫోన్ మొహం ముందు పెడితే, అవతలి మనిషికి మీ కోరిక వినబడదు. నువ్వు తక్కువ అన్న తీర్పు వినబడుతుంది. అప్పుడు ఆయన ఆ తీర్పుకే సమాధానం చెబుతారు: 'వాడికి పని లేదు', 'అదంతా వ్యూస్ కోసం', 'అవన్నీ మనకెందుకు'. మీవారి మాట కూడా ఆ జాతిదే కావచ్చు. పైగా అందులో మన ఊళ్ల మగవాళ్లలో మామూలుగా ఉండే ఒక సిగ్గు కూడా ఉంటుంది. వాట్సాప్ స్టేటస్ అంటే ఆఫీసు వాళ్లు, పిన్నులు, బాబాయిలు, యార్డు నుంచి ఫోన్ చేసే వ్యాపారులు అందరూ చూసేది. పెళ్లాం ఫోటో అక్కడ పెట్టడం కొందరికి నిజంగానే ఇబ్బంది. ఆ ఇబ్బందికీ ప్రేమ లేకపోవడానికీ సంబంధం లేదు.

అయితే మీ బాధ కూడా ఉత్తిదేం కాదు. స్టేటస్ గురించి పై ప్రశ్నే వేసుకోండి: ఎవరూ చూడకపోతే నాకిది కావాలా? ఇక్కడ జవాబు తమాషాగా ఉంటుంది, ఎందుకంటే ఆ కోరికే నలుగురూ చూడాలన్నది. దాని కింద ఇంకో పొర ఉందేమో చూడండి. బహుశా, 'మా వాళ్లలో నాకు విలువ ఉందని తెలియాలి' అన్నది ఉండొచ్చు. లేదా, 'పెళ్లిరోజు ఆయనకి గుర్తుందో లేదో నాకు తెలియాలి' అన్నది ఉండొచ్చు. రెండూ వేర్వేరు, రెండింటికీ దారులు వేర్వేరు. మొదటిదైతే, వచ్చే పండక్కి మీ పుట్టింటికి వెళ్లినప్పుడు మీ అమ్మానాన్నల ముందు మీ గురించి ఒక మంచి మాట అనమని అడగొచ్చు. స్టేటస్ పెట్టలేని మనిషి కూడా భోజనాల దగ్గర ఆ మాట అనగలరు. రెండోదైతే, ఆ రోజు ఉదయం మీకొక్కరికే చెబితే సరిపోతుంది.

ఎలా అడగాలంటే, వీడియో ప్రస్తావన లేకుండా, ఒకే ఒక్క విషయం, ఆయన రేపే చేయగలిగేది. 'పెళ్లిరోజు నాడు మీరు నాతో ప్రత్యేకంగా ఏమీ అనలేదు. నాకు ఆ రోజు ముఖ్యం. ఈసారి పొద్దున్నే నాతో ఒక్క మాట చెప్పండి, సాయంత్రం త్వరగా రాగలిగితే గుడికి వెళ్దాం' అన్నట్టు. రాత్రి పదకొండింటికి కళ్లు మూతలు పడుతున్నప్పుడు కాదు, ఆదివారం టిఫిన్ అయ్యాక. మీ ఇంటికి సంబంధించి ఇంకో ముఖ్యమైన లెక్క ఉంది. మిర్చి సీజన్‌లో, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో, కోల్డ్ స్టోరేజీ అకౌంట్స్ మనిషి మీద ఉండే ఒత్తిడి మీకు తెలియంది కాదు. లారీలు దిగుతూనే ఉంటాయి, ఎవరి టిక్కీలు ఎన్నో, ఎవరికి ఎంత లోను పోయిందో అన్నీ ఆయన పుస్తకాల్లోనే తేలాలి. ఆ నెలల్లో పెద్ద మార్పు అడిగితే అది నిలవదు. చిన్నది అడగండి. పెద్దది సీజన్ తగ్గాక పెట్టుకోండి.

పటమట జంట ఏం పెట్టుకున్నారంటే, రాత్రి భోజనం అయ్యాక ఇద్దరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌లో పెట్టి పావుగంట కూర్చోవడం, ముందు ఆమె మాట్లాడటం. మొదటి వారం ఆయన గడియారం చూస్తూ కూర్చున్నారట. ఆమె నాతో, 'ఇది హోమ్‌వర్క్‌లా ఉంది' అని విసుక్కుంది. మూడో వారంలో ఒక రోజు ఆయనే మొదలుపెట్టారు. హోల్‌సేల్ వాళ్లకి కట్టాల్సిన బాకీ పేరుకుపోయింది, భార్యకి చెబితే కంగారుపడుతుందని దాచారు. ఇన్నాళ్లూ ఆయన భోజనం చేస్తూ ఫోన్‌లోకి తల దూర్చింది అందుకే. ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని పుస్తకం తీసి లెక్క చూసుకున్నారు. ఆమెకి కావాల్సిన మాటామంతీ వచ్చింది, కానీ వీడియోలో కనబడిన రూపంలో రాలేదు. రెండో కోరిక ఇంకా కష్టపెట్టింది. తల్లి ముందు భార్యని మెచ్చుకోవడం ఆయన వల్ల కాలేదు, నోరు పెగల్లేదు. చివరికి, ఆదివారం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు 'నువ్వూ కూర్చో, నేను వడ్డిస్తా' అనే దగ్గర ఆగారు. ఆమెకి అది చాలింది. అరకు ఇప్పటికీ వెళ్లలేదు. పాపని అమ్మమ్మగారింట్లో వదిలి ఒక సాయంత్రం భవానీ ద్వీపానికి పడవలో వెళ్లొచ్చారు.

తృప్తి తిరిగి రావడంలో రెండో భాగం, ఇప్పటికే ఉన్నది కంటికి కనబడేలా చేసుకోవడం. జాన్ గాట్మన్ అనే అమెరికన్ పరిశోధకుడు కొత్తగా పెళ్లయిన జంటల్ని గమనించి, ఆరేళ్ల తర్వాత మళ్లీ చూశారు. రోజువారీ జీవితంలో ఒకరు ఇంకొకరి దృష్టి కోసం చేసే చిన్నచిన్న ప్రయత్నాలు ఆయనకి ముఖ్యంగా కనబడ్డాయి. 'అదిగో చూడు', 'ఇవాళ ఏమైందో తెలుసా' లాంటివి. కలిసి ఉన్న జంటల్లో ఇలాంటి పిలుపులకి 86 శాతం సార్లు స్పందన దొరికింది. విడిపోయిన జంటల్లో 33 శాతమే. ఇందులో బహుమతులు, ట్రిప్‌లు ఎక్కడా లేవు. ఈ పిలుపులు వీడియోకి పనికిరావు, మరీ మామూలుగా ఉంటాయి కాబట్టి.

మన ఇళ్లల్లో ఇవి తరచూ పనుల రూపంలో వస్తాయి. మధ్యాహ్నం ఫోన్ చేసి 'తిన్నావా, వాడు తిన్నాడా' అనడం, మీ స్కూటీలో పెట్రోలు అయిపోయిందని మీరు చెప్పకముందే పోయించి తేవడం, సరుకుల్లో మీకిష్టమైన బ్రాండ్ టీపొడి గుర్తుపెట్టుకుని తేవడం. మీవారు ఏం చేస్తారో నాకు తెలియదు, మీకు తెలుసు. ఒక వారం వాటిని అదే నోట్‌బుక్‌లో వెనక పేజీలో రాయండి. ఆయన 'ఇవాళ యార్డులో రేటు ఎంతుందో తెలుసా' అన్నప్పుడు మీరు తలెత్తి చూశారా, ఫోన్‌లోంచి ఊఁ కొట్టారా అన్నది కూడా రాయండి. ఉన్నదాంతో సర్దుకుపొమ్మని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇలాంటివి నిజంగా జరుగుతున్నాయో లేదో తెలుసుకోవడం కోసం ఇది. వారం రాశాక ఆ పేజీ దాదాపు ఖాళీగా ఉంటే, అది కూడా మీకు తెలియాల్సిన విషయమే. దాని గురించి చివర్లో చెబుతాను.

ఇంకొక చిన్న పని ఉంది, ఇది నాకు బాగా నచ్చినది. 2008లో మింక్యుంగ్ కూ, టిమొతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ తదితరులు ప్రచురించిన అధ్యయనంలో, కొందరిని తమ భాగస్వామి ఎలా పరిచయమయ్యారో రాయమన్నారు. ఇంకొందరిని అసలు పరిచయం కాకుండా పోవడానికి ఎన్ని అవకాశాలు ఉండేవో రాయమన్నారు. రెండోది రాసినవాళ్లలోనే బంధం మీద తృప్తి ఎక్కువగా కనబడింది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ఎలా కలిశామో మనం పదిసార్లు చెప్పుకుని ఉంటాం, అది అరిగిపోయిన కథ. కలవకుండా పోయే దారులు తలుచుకుంటే, రోజూ కళ్లెదుట ఉండే మనిషి మళ్లీ కొత్తగా కనబడతారు. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లకి ఇది ఇంకా బాగా పనికొస్తుంది. ఆ సంబంధం తెచ్చిన మనిషి ఆ వారం మీ ఇంటికి రాకపోయి ఉంటే? మీ నాన్నగారికి ముందు నచ్చిన రెండో సంబంధం ఖాయమై ఉంటే? జాతకాలు కలవలేదని ఎవరైనా అని ఉంటే? పెళ్లిచూపుల రోజు బస్సు తప్పిపోయి ఉంటే? ఒక పావుగంట కూర్చుని నిజమైన వివరాలతో రాయండి. రాశాక ఆయనకి చూపించాలని ఏమీ లేదు. ఒకటే హెచ్చరిక: మీవారి మీద బాగా కోపంగా ఉన్న రోజు ఇది రాయకండి, ఆ రెండో సంబంధమే మేలనిపిస్తుంది.

ఫోన్ సంగతి ఇప్పుడు చెబుతాను. ఇది తేలిక, కానీ నోట్‌బుక్ పని అయ్యాకే చేయండి. గుచ్చుకునే రకం రీల్ వచ్చినప్పుడు చివరిదాకా చూడకుండా మూడు చుక్కలు నొక్కి Not interested ఎంచుకోండి, కొన్ని రోజులు ఓపిగ్గా చేస్తూ ఉండండి. మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టాలనుకుంటే Settings లో Content preferences కి వెళ్లి Reset suggested content నొక్కితే, ఇన్నాళ్లూ మీ గురించి అది కట్టుకున్న అంచనా చెరిగిపోతుంది. చెరిపాక మొదటి రోజుల్లో ఏం చూస్తారో దాన్నిబట్టే మళ్లీ అంచనా కడుతుంది కాబట్టి ఆ రోజుల్లో వంటలో, మొక్కలో, మీకు నిజంగా ఇష్టమైనవే చూడండి. మీ పెద్దమ్మ కూతుర్ని అన్‌ఫాలో చేస్తే చుట్టాల్లో మాటలు వస్తాయి. ఆమె ప్రొఫైల్‌లో Following నొక్కి Mute పెట్టండి, ఆమెకి తెలియదు. ఫోన్‌లో ఆమెని మ్యూట్ చేశారని ఇంట్లో కూడా మానేయకండి, వీలైతే ఒకసారి వెళ్లి కూర్చుని మాట్లాడండి. మనిషిని ఎదురుగా చూస్తే, వాళ్లకీ పిల్లవాడి జ్వరాలు, కరెంటు బిల్లులు ఉన్నాయని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, బాబు పడుకున్నాక ఒంటరిగా, అలసిపోయి, ఆయన ఇంకా రాలేదని ఎదురుచూస్తూ చూడటం మానండి. రోజు మొత్తంలో మనసు బాగా మెత్తగా ఉండే వేళ అదే, అప్పుడు ఏ వీడియో అయినా రెట్టింపు తగులుతుంది. చూడాలనిపిస్తే మధ్యాహ్నం చూడండి.

ఇది పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుందంటే, జంటల వీడియోలు చూసినా ఏమీ అనిపించని స్థితి వస్తుందని ఎదురుచూడకండి, అది రాదు. గుచ్చుకుంటుంది, కానీ త్వరగా పోతుంది. ఇంకో గుర్తు, మీ గొడవల విషయం మారుతుంది. 'వాళ్లలా ఎందుకు ఉండవు' పోయి, 'ఆదివారం త్వరగా వస్తానన్నారు, రాలేదు' దగ్గరికి వస్తుంది. గొడవ గొడవే అయినా ఇది మేలు, తీర్చుకోగలిగే గొడవ. సీజన్ కాని రోజుల్లో ఒక నెలా రెండు నెలల్లో ఈ మార్పు కనబడాలి.

కనబడకపోతే? ఫోన్ సర్దుకున్నారు, వీడియోల మాట లేకుండా, ఒక్కొక్కటిగా, మంచి సమయంలో అడిగారు, అయినా ప్రతిసారీ ఎగతాళే ఎదురవుతోంది, లేదా నోట్‌బుక్ వెనక పేజీ ఖాళీగానే ఉంది అంటే, అప్పుడు తప్పు మీ కొలబద్దలో లేదు. ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి, ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి. మీ మాటల్ని బట్టి మీ ఇంట్లో అలా లేదనే అనిపిస్తోంది. ఇది చదివే ఇంకెవరి ఇంట్లోనైనా చెయ్యి చేసుకోవడం, జీతం లాక్కోవడం, పుట్టింటికి వెళ్లనివ్వకపోవడం, ఫోన్ లాక్కుని సోదా చేయడం ఉంటే, పైన రాసిన నోట్‌బుక్ పద్ధతి వాళ్లకి కాదు. ఉన్నదాంట్లో మంచిని వెతుక్కోమని వాళ్లకి చెప్పడం అన్యాయం. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి, ప్రమాదంగా ఉంటే 112.

మీ విషయానికి వస్తే, మూడు రోజుల మౌనం తర్వాత మాటలు కలిశాయో లేదో మీరు రాయలేదు. కలవకపోతే నోట్‌బుక్ కంటే ముందు ఆ పని చేయండి. స్టేటస్ గురించి మళ్లీ వాదన మొదలుపెట్టకుండా, పెళ్లిరోజు నాడు మీకు ఏం లోటనిపించిందో ఒక్క వాక్యంలో చెప్పండి. తర్వాత ఆయనకి ఆ రోజు ఎలా గడిచిందో అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. నోట్‌బుక్ సోమవారం నుంచి మొదలుపెట్టొచ్చు. వారం తర్వాత అందులో ఏం తేలిందో రాస్తే, ముందుగా ఏది అడగాలో చూద్దాం.